మధుమేహం: ఉత్తరాంధ్ర కంచంలో అన్నం లెక్క

మధుమేహం అంటే రక్తంలో గ్లూకోజు హద్దు మీరి, నెలల తరబడి అలాగే ఉండిపోయే జబ్బు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీన్ని షుగరు అనే అంటారు. ఊళ్లోని కమ్యూనిటీ హాల్లో డాక్టరు షుగరు గురించి మాట్లాడతారని తెలిసి వచ్చి కూర్చున్నవారిలో చాలామందికి రాబోయే మాట ముందే తెలుసు: తీపి తినకండి. ఆ మాట తప్పు కాదు గాని, ఈ ప్రాంతానికి అది చాలదు. ఇక్కడ షుగరు విషయంలో భయం ఉండవలసినచోట లేదు, ఉండనక్కర్లేనిచోట ఉంది. మిఠాయిని చూసి జంకేవారు కంచం నిండా అన్నాన్ని నమ్ముతారు. షుగరు మాత్ర కిడ్నీలు పాడుచేస్తుందని మానేసేవారు ఒళ్లు నొప్పుల మాత్రను చీటీ లేకుండానే కొనుక్కుంటారు. ఒంట్లో బాగానే ఉందన్న నమ్మకంతో రక్తపరీక్షను వాయిదా వేస్తారు. ఈ ప్రాంతంలో షుగరు అవగాహన ప్రసంగం చేయవలసిన పని ఆ భయాన్ని సరైన చోటికి మార్చడమే. అందుకు అన్నం నుంచి మొదలుపెట్టి కిడ్నీ దాకా వెళ్లాలి. ఎందుకంటే అన్నం ఇక్కడి ప్రధాన ఆహారం, కిడ్నీ జబ్బు ఇక్కడి ప్రధాన భయం.

ముందు రక్తంలో ఎంత చక్కెర ఉంటుందో చూద్దాం. పెద్దవారి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. పరగడుపున ఆరోగ్యవంతుడి గ్లూకోజు డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. లెక్క వేస్తే మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు. అది రెండు చెంచాలైతే 200 అవుతుంది, ఆ మనిషిని షుగరు రోగి అంటాం. ఇంత చిన్న తేడాను శరీరం రోజంతా కాపాడుకుంటూ రావాలి. తిన్న ప్రతిసారీ పదుల గ్రాముల గ్లూకోజు రక్తంలోకి దిగుతుంది. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ దాన్ని ఎప్పటికప్పుడు కండరాల్లోకి, కాలేయంలోకి పంపిస్తుంది. ఈ పనిలో ఎక్కువ వాటా కండరాలదే. అయితే కండరం చెరువు లాంటిది. నీరు వాడకమై ఖాళీ అవుతున్నంతకాలం కాలువ నీరు తీసుకుంటుంది, నిండి ఉంటే గట్టు దాటి పొర్లిపోతుంది. పొద్దస్తమానం కూర్చుని పనిచేసే మనిషి కండరంలో పాత నిల్వ కరగదు. దానికి తోడు కాలేయంలో, పొట్టలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట చెల్లదు. క్లోమం మరింత ఇన్సులిన్ ఊరించి కొన్నేళ్లపాటు నెట్టుకొస్తుంది. అది అలసిపోయిన నాడు రక్తపరీక్షలో షుగరు కనబడుతుంది. అంటే జబ్బు బయటపడిన రోజుకు చాలా ఏళ్ల ముందే మొదలైందన్నమాట.

ఇప్పుడు కంచం లెక్క. రాజాంలో కిరాణా కొట్టు నడుపుకొనే 52 ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. ఉదయం నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం అన్నం, రాత్రి మళ్లీ అంతే, రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కాబట్టి రెండు పూటల అన్నంలో 234 గ్రాములు. ఇడ్లీల నుంచి 30 గ్రాములకు కాస్త అటూ ఇటూ. టీల్లోని పంచదార 40 గ్రాములు. మొత్తం 300 పైచిలుకు. షుగరు ఉందని తెలియగానే ఆయన టీలో పంచదార మానేశాడనుకుందాం. అది మంచి పనే, మానాల్సిందే. కానీ తగ్గింది 40 గ్రాములు, మిగిలింది 260 పైన. మూడు నెలల తర్వాత పరీక్షలో అంకె పెద్దగా మారలేదు. తీపి ముట్టుకోవడం లేదు గదా, ఇంకేం చెయ్యాలని ఆయన నిస్పృహ పడతాడు. అదే మనిషి పూటకు 150 గ్రాముల బియ్యం బదులు 90 గ్రాములు తింటే, తగ్గే పిండిపదార్థం 94 గ్రాములు, టీ పంచదారకు రెట్టింపు కంటే ఎక్కువ. ఇంకొక సంగతి కూడా ఉంది. పంచదారలో సగమే గ్లూకోజు, మిగతా సగం ఫ్రక్టోజు. అన్నంలోని పిండిపదార్థం జీర్ణమైతే పూర్తిగా గ్లూకోజే అవుతుంది. నోటికి తీపి తగలదు గనుక అన్నంలో షుగరు లేదనిపిస్తుంది, అంతే.

అన్నానికీ షుగరుకూ ఉన్న ఈ సంబంధం కేవలం కాగితం మీది లెక్క కాదు. 21 దేశాల్లో లక్షా 32 వేల మందిని దాదాపు పదేళ్లు గమనించిన ప్యూర్ అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. రోజుకు 450 గ్రాములు, అంతకు మించి వండిన తెల్లన్నం తినేవారికి, 150 గ్రాముల లోపు తినేవారితో పోలిస్తే షుగరు వచ్చే ప్రమాదం మొత్తం మీద 20 శాతం ఎక్కువని తేలింది. దక్షిణాసియాలో మాత్రం ఆ తేడా 61 శాతం. 450 గ్రాముల అన్నం పెద్ద మోతాదు అనిపించవచ్చు. బియ్యం ఉడికితే బరువు మూడింతల దగ్గరికి వస్తుంది, కాబట్టి అది 150, 160 గ్రాముల బియ్యం మాత్రమే. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు వచ్చే 5 కిలోల బియ్యాన్ని 30 రోజులకు పంచితే రోజుకు దాదాపు 167 గ్రాములు. అంటే బయట ఒక్క గింజ కొనకపోయినా, రేషన్ బియ్యంతోనే మనం ఆ గీత దగ్గరికి చేరుకుంటున్నాం. రాజాం ఉదాహరణలోని మనిషి దానికి దాదాపు రెట్టింపు తింటున్నాడు.

ఈ అధ్యయనం మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఇది మనుషుల్ని గమనించి చెప్పినదే గాని, అన్నం పెట్టి పరీక్షించి చెప్పినది కాదు. పైగా చైనాలో అన్నం బాగా తినేవారిలో అటువంటి తేడా స్పష్టంగా కనబడలేదు. ఈ రెండూ నిజమే. అయితే చైనా సంగతి మన వాదాన్ని కొట్టివేయడం లేదు, సరిదిద్దుతోంది. అన్నం ఒంటరిగా చెడ్డది కాదు. దాని పక్కన ఏముంది, తిన్నవాడు ఏం పని చేశాడు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. మన కంచంలో అన్నం కొండంత, కూర గోరంత. చారుతో ఒకసారి, మజ్జిగతో ఒకసారి, పచ్చడితో ఒకసారి కలుపుకునేది ప్రతిసారీ అన్నమే. పప్పు, చేప, గుడ్డు, ఆకుకూర దానికి తోడుగా రుచికోసం మాత్రమే వస్తాయి. ఈ నిష్పత్తే ఇక్కడి సమస్య.

అన్నం తగ్గించమన్న మరుక్షణం హాల్లోంచి వచ్చే ప్రశ్న చోళ్ల గురించే. రాగుల్ని ఈ జిల్లాల్లో చోళ్లంటారు. చోడి అంబలి తాగితే షుగరు రాదని, చపాతీ తింటే తగ్గుతుందని గట్టి నమ్మకం. చోళ్లలో మంచి గుణాలున్నాయి. 100 గ్రాముల్లో పీచు 11 గ్రాములు, తెల్ల బియ్యంలో అది 3 గ్రాములు కూడా లేదు. కాల్షియం 364 మిల్లీగ్రాములు, మరే ధాన్యానికీ అంత లేదు. కానీ అదే 100 గ్రాముల్లో పిండిపదార్థం 67 గ్రాములు. గోధుమ పిండిలో 64. బియ్యం కంటే తక్కువే గాని, తేడా మనం అనుకునేంత కాదు. మెత్తగా ఆడించిన పిండిని పల్చగా కాచి చెంబుడు తాగితే అది త్వరగానే రక్తంలోకి దిగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి చేసిన ఇండియాబ్ సర్వేలోని ఆహార వివరాలు 2025లో ప్రచురితమయ్యాయి. దేశంలో సగటు మనిషికి శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని అందులో తేలింది. బియ్యం మాని గోధుమకో చిరుధాన్యాల పిండికో మారినంత మాత్రాన, మొత్తం పిండిపదార్థం తగ్గకపోతే ముప్పు తగ్గిన ఆధారం కనబడలేదు. పిండిపదార్థంలో కొంత భాగం స్థానంలో పప్పుల నుంచో పాల నుంచో మాంసకృత్తులు వచ్చినచోట ముప్పు తక్కువగా ఉంది. కాబట్టి డాక్టరు చోళ్లు వద్దనక్కర్లేదు. అన్నం తిన్నాక పైన అంబలి కాకుండా, అన్నం బదులు కొలతగా చోడిముద్ద తినమని చెప్పాలి. ఇక బెల్లం విషయం రెండు ముక్కల్లో తేలిపోతుంది. అనకాపల్లి బెల్లమైనా దానిలో అత్యధిక భాగం పంచదారే. రంగు వేరు, రక్తంలో చేసే పని ఒకటే.

రెండో ప్రశ్న ఇంకా బలమైనది. మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు, ఆయనకు ఏ షుగరూ లేదు గదా అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు, ఎందుకంటే దీనిలో సగం సమాధానం ఉంది. ఆ తాత నాగలి దున్నాడు, ఏతం తొక్కాడు, బస్తాలు మోశాడు, సంతకు కాలినడకన వెళ్లాడు. ఆయన తిన్నది చాలావరకు దంపుడు బియ్యం, దానితోపాటు చోళ్లు, గంటెలు, ఉలవలు. మూడు పూటలా కడుపు నిండా వరి అన్నం చాలా ఇళ్లలో పండగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదవాడి ఇంట్లో రోజూ వరి అన్నం ఉడికింది. అది ఆకలి తీర్చిన మేలు, దాన్ని తప్పు పట్టే పని లేదు. అయితే అదే కాలంలో ట్రాక్టరు, మోటారు పంపు, మోటారు సైకిలు కూడా వచ్చాయి. తినే అన్నం పెరిగింది, దాన్ని కరిగించే పని తగ్గింది. మిగతా సగం సమాధానం కాస్త చేదుగా ఉంటుంది. 1950ల తొలి నాళ్లలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 40 ఏళ్ల దరిదాపుల్లోనే. షుగరు ఎక్కువగా బయటపడే వయసు దాకా చాలామంది బతకలేదు, బతికినవారికి రక్తపరీక్ష చేసినవారు లేరు. తాతకు షుగరు లేదన్నదానికి చాలా ఇళ్లలో ఉన్న ఆధారం, ఎవరూ చూడలేదన్నదే.

నేను సన్నగానే ఉన్నాను గదా అనే ధీమా కూడా దీనికి చుట్టమే. మనవారిలో బరువు తక్కువగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు చేరడం, కండ తక్కువగా ఉండడం మామూలు. అందుకే త్రాసు కంటే టేపు నిజం చెబుతుంది. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి. చెన్నైలో రూపొందించిన భారతీయ షుగరు ముప్పు కొలమానం వయసు, నడుము, శ్రమ, తల్లిదండ్రుల్లో షుగరు అన్న నాలుగింటికీ మార్కులు వేస్తుంది, 60 వస్తే ముప్పు ఎక్కువని అర్థం. 50 ఏళ్లు దాటితే 30 మార్కులు, వ్యాయామమూ కాయకష్టమూ రెండూ లేకపోతే మరో 30. అంటే 52 ఏళ్ల కిరాణా కొట్టు మనిషికి నడుము కొలవకముందే, తల్లిదండ్రుల సంగతి అడగకముందే 60 వచ్చేస్తాయి.

అన్నం తగ్గిస్తే నీరసం వస్తుంది, కూలిపని చేసేవాడికి కుదరదు, గుడ్లు చేపలు రోజూ కొనలేం అంటారు. ఇవి నిజమైన ఇబ్బందులు. రోజంతా పొలంలోనో ఇటుక బట్టీలోనో ఒళ్లు వంచే మనిషికి, కొట్లో కూర్చునేవాడికి ఒకే కొలత చెప్పే డాక్టరు తప్పు చేస్తున్నట్టే. శ్రమపడే కండరం గ్లూకోజును వాడేసుకుంటుంది, అతనికి అన్నం ఎక్కువే కావాలి. తగ్గించవలసినది పని తగ్గినవారు, పని మానినవారు, రాత్రి ఆలస్యంగా కడుపునిండా తిని పడుకునేవారు. తగ్గించిన చోటును ఖాళీగా వదిలితే నీరసం తప్పదు, దాన్ని నింపాలి. ఖరీదైనవే కావాలని లేదు. మెట్ట పొలాల్లో పండే ఉలవల్లో 100 గ్రాములకు 21 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి, కందిపప్పులోనూ అంతే. పెరటి మునగాకు, గోంగూర, ఆనపకాయ కంచంలో సగం చోటు తీసుకోవచ్చు. తీరప్రాంతంలో పచ్చి చేప దొరికిన రోజు అది మేలు. ఎండుచేపలో ఉప్పు చాలా ఎక్కువ, బీపీ ఉన్నవారు దానికి దూరంగా ఉండాలి. పప్పుల్లో కూడా పిండిపదార్థం ఉందన్న మాట దాచకూడదు. కాకపోతే పీచు, మాంసకృత్తులతో కలిసి ఉండడంవల్ల అది నెమ్మదిగా దిగుతుంది. ముందు కూర, పప్పు తిని చివర అన్నం తిన్నా, భోంచేశాక పది పదిహేను నిమిషాలు వీధిలో నడిచినా, తిన్న తర్వాత పెరిగే షుగరు తగ్గుతుంది. వీటికి రూపాయి ఖర్చు లేదు.

ఒక హెచ్చరిక మాత్రం హాలు దాటకముందే చెప్పాలి. ఇన్సులిన్ తీసుకుంటున్నవారు, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకుంటున్నవారు ప్రసంగం విని ఆ రాత్రే అన్నం సగం చేయకూడదు. మందు మోతాదు పాత అన్నానికి సరిపడా ఇచ్చినది. అన్నం తగ్గి మందు తగ్గకపోతే షుగరు 70 కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబడడం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ తాగాలి. ఆ ఒక్క సమయంలో పంచదారే మందు. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక పరీక్ష మాట. దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం షుగరు లక్షణాలని గోడమీద రాతల్లో చదివినవారు, అవి లేవు గనుక తమకు షుగరు లేదనుకుంటారు. గ్లూకోజు సుమారు 180 దాటితేగాని మూత్రంలోకి పొర్లదు, అతిమూత్రమూ దాహమూ మొదలవవు. పరగడుపున 126 ఉంటేనే షుగరు. ఈ 126కూ 180కీ మధ్య మనిషి ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా తిరుగుతాడు, కంటి నరాలు, కాలి నరాలు, కిడ్నీలు మాత్రం దెబ్బ తింటూనే ఉంటాయి. ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి షుగరు ఉంది, మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారు. అంచున ఉన్నవారి మీదే ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. అటువంటి 531 మందితో మన దేశంలోనే చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలుగా వదిలేసినవారిలో మూడేళ్లకు 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవారిలో అది 39 శాతం. అందరినీ కాపాడలేదు, కానీ ఒక్క మాత్ర లేకుండా అంత తేడా వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 6.5కు చేరితే షుగరని అర్థం. అయితే అది ఎర్ర రక్తకణాల మీద ఆధారపడిన పరీక్ష. రక్తహీనత ఉన్నవారిలోను, సికిల్ సెల్ లక్షణం కనిపించే సీతంపేట, పార్వతీపురం మన్యం గిరిజనుల్లోను అది తప్పు చూపించవచ్చు. అటువంటివారికి పరగడుపు పరీక్షే నమ్మకం.

ఇప్పుడు ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన భయం దగ్గరికి వద్దాం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో దాదాపు పాతికేళ్లుగా కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లను కుంగదీసింది. అక్కడ చేసిన సర్వేల్లో పెద్దవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలింది. వారిలో ఎక్కువమందికి షుగరూ లేదు, బీపీ కూడా కారణమని చెప్పలేం. నీరు, ఎండ, శ్రమ, రసాయనాలు అంటూ ఎన్నో అనుమానాలున్నా కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇంత కష్టం కళ్లముందు చూసినవారికి ప్రతి మాత్ర మీదా అనుమానం రావడం సహజం. ఇంగ్లీషు మందులు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు పోతాయన్న మాట విజయనగరం దాకా, అవతల మన్యం దాకా పాకింది. దాన్ని అజ్ఞానమని కసురుకున్న డాక్టరు మాట ఎవరూ వినరు. ఆధారం చూపించి చెప్పాలి.

ఆధారం ఇది. షుగరుకు అందరూ మొదట వాడే మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక ఆ మందు ఒంట్లోంచి బయటికి పోదు గనుక డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, చివరికి ఆపేస్తారు. వడపోత సామర్థ్యాన్ని చెప్పే అంకె 45 దిగువకు వస్తే సగం చేయడం, 30 దిగువకు వస్తే మానడం పద్ధతి. కిడ్నీ పోయాక మందు ఆపడాన్ని చూసినవారు, మందు వల్లే కిడ్నీ పోయిందని తిరగేసి అర్థం చేసుకున్నారు. డపాగ్లిఫ్లోజిన్ అనే మందు కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందని 2020లో వచ్చిన పెద్ద పరీక్షలో రుజువైంది. అదే ఏడాది మన దేశంలో దాని పేటెంటు గడువు తీరి ధర బాగా దిగింది. కిడ్నీని నిజంగా దెబ్బతీసేవి మరో రెండు: అదుపులో లేని షుగరు, బీపీ. వీటికి తోడు నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కిడ్నీకి రక్తం తెచ్చే నాళాలను కుంచించుకుపోయేలా చేస్తాయి. కొబ్బరి తోటలోనో జీడి బట్టీ దగ్గరో వేడిలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని మనిషి సాయంత్రం ఆ మాత్ర వేసుకుంటే దెబ్బ రెట్టింపు. షుగరు ఉన్నవారు నొప్పికి అడగవలసినది పారాసిటమాల్, అదీ మోతాదు మించకుండా.

ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసినప్పుడు జరిగే మోసం ఒకటుంది, దాన్ని కాస్త నిదానంగా వివరించాలి. ఏళ్లుగా 220, 250 ఉన్న షుగరు, తిండిలో ఏ మార్పూ లేకుండా 120కి దిగుతుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. నాటు మందు పనిచేసిందనో, జబ్బు దానంతట అదే పోయిందనో అనుకుంటారు. ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని అరగదీసి ఖర్చు చేసేది కిడ్నీయే. అది చెడితే ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రల ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఆకలి కూడా మందగిస్తుంది. దాంతో షుగరు పడిపోతుంది. రక్తహీనత వల్ల హెచ్‌బీఏ1సీ కూడా తక్కువగా చూపిస్తుంది. అంకెలు బాగుపడిన కొద్దీ మనిషి క్షీణిస్తుంటాడు. కాబట్టి పాత షుగరు రోగికి కారణం లేకుండా షుగరు తగ్గితే చేయించవలసిన మొదటి పని కిడ్నీ పరీక్ష. కాళ్ల వాపు, మూత్రంలో నురుగు కనిపించేదాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే.

ఆ పరీక్షలోనూ ఒక లోపం ఉంది. చాలాచోట్ల క్రియాటినిన్ ఒక్కటే చూసి కిడ్నీ బాగుందని పంపేస్తారు. కిడ్నీ సామర్థ్యం దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ అంకె మామూలుగానే కనబడవచ్చు. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బు మొదటి గుర్తు మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పడడం. క్రియాటినిన్‌తో పోల్చి చూసే ఆ నిష్పత్తి 30 దాటితే జాగ్రత్త మొదలుపెట్టాలి, అప్పటికి ఇంకా నష్టాన్ని ఆపగలిగే సమయం ఉంటుంది. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో మాంసకృత్తు చాలాకాలం తక్కువగానే ఉండవచ్చు, అక్కడ క్రియాటినినే ముందు మారవచ్చు. అందువల్ల ఈ జిల్లాల్లో రెండిట్లో ఏ ఒక్కటీ చాలదు.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ షుగరు, బీపీ పరీక్షలు ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నడుము కొలుస్తానంటే కాదనకండి. షుగరు ఉందని తేలినవారు ఆ రోజే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ రెండూ రాయమని డాక్టరును అడిగి మరీ చేయించుకోండి, ఆ కాగితాలు పారేయకుండా ఏటికేడు దాచుకోండి.